"నైట్రైట్ కలపలేదు" అన్న సాసేజ్‌లో సెలరీ పొడి ఎందుకు?

బెంజ్ సర్కిల్ దగ్గర కొన్న రెండు చికెన్ సాసేజ్ ప్యాకెట్ల గురించి, తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటిదాని మీద ఐఎన్ఎస్ 250, ఐఎన్ఎస్ 316 అని ఆహారంలో కలిపే పదార్థాల కోడ్ నంబర్లు ఉన్నాయి. 250 అంటే సోడియం నైట్రైట్. ఉడికాక కూడా మాంసం గులాబీరంగులో ఉండటానికీ, బొటులిజం బ్యాక్టీరియా పెరగకుండా ఉండటానికీ వేస్తారు. 316 ఏమో వేపినప్పుడు క్యాన్సర్ ముప్పున్న నైట్రోసమైన్లు తక్కువ పుట్టేలా చూస్తుంది.

రెండోదాని మీద "నైట్రైట్ కలపలేదు" అని పెద్దక్షరాల్లో ఉంది, ధరా ఎక్కువే. వెనకాల సన్నక్షరాల్లో మాత్రం సెలరీ పొడి, స్టార్టర్ కల్చర్! సెలరీలో సహజంగానే నైట్రేట్ ఉంటుంది, ఆ కల్చర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ముక్క కోస్తే అదే గులాబీరంగు. పేరు మారిందే తప్ప సరుకు అదేగా?

నైట్రైట్‌కి అంతర్జాతీయ పరిమితి రోజుకు కిలో శరీర బరువుకు 0.07 మిల్లీగ్రాములు. 20 కిలోల పిల్లాడికి 1.4. కిలో సాసేజ్‌లో 50 మిల్లీగ్రాములు మిగిలి ఉంటే 28 గ్రాములతోనే సరి, అంటే ఒక్క సాసేజ్.

ఆ మిగిలినదెంతో లేబుల్ మీద లేదు. కంపెనీకి రాస్తే బ్యాచ్ రిపోర్టు ఇస్తారా? విజయవాడ, గుంటూరుల్లో ఒక్క ప్యాకెట్ తీసుకుని పరీక్షించే ల్యాబ్ ఉందా?