కరెంట్ రేషియో పక్కన ‘ఆదర్శం 2:1’ అని రాయాలా, కొట్టేయాలా?

కృష్ణలంక విద్యార్థి

బీకాం ఆఖరి సంవత్సరం. అకౌంటింగ్ పేపరు కోసం రేషియోల సూత్రాలు, వాటి అర్థం, ఎంత ఉంటే మంచిదో ఒక కాగితం మీద రాసుకుంటున్నాను. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర లెక్కలు రాసే మా బాబాయి అది చూసి, “ఆ 2:1 కొట్టెయ్యి” అన్నారు. ఆయన ఇచ్చిన మార్చి 31 నాటి అంకెలు ఇవి: సరుకు నిల్వ 60 లక్షలు, రావలసిన బాకీలు 25 లక్షలు, నగదు 5 లక్షలు. ఇవ్వవలసిన వాటిలో బ్యాంకు క్యాష్ క్రెడిట్, అంటే సరుకు హామీ మీద లిమిట్ వరకు వాడుకునే అప్పు, 40 లక్షలు, సరుకు బాకీలు 20 లక్షలు. ఆస్తులు 90 ని అప్పులు 60 తో భాగిస్తే కరెంట్ రేషియో 1.5 వచ్చింది. సరుకును పక్కన పెట్టి లెక్కించే క్విక్ రేషియో మాత్రం ఒక పుస్తకం పద్ధతిలో 0.5, మరో పుస్తకం పద్ధతిలో 1.5 వస్తోంది. కాగితం మీద ఏది ఉంచాలి?

బ్రాడీపేట మాస్టారు

బాబూ, పరీక్షకు ముందు బాబాయిల సలహాలు వినకు. కరెంట్ రేషియో 2:1, క్విక్ రేషియో 1:1. రాసి పెట్టుకో. పేపరు దిద్దేవారు వెతికేది ఆ రెండు అంకెల కోసమే. రెండు కంటే ఎంత ఎక్కువ ఉంటే సంస్థ అంత భద్రం. ఇక క్విక్ రేషియోలో బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టును, క్యాష్ క్రెడిట్‌ను కింద నుంచి తీసేయాలి. అది ఏళ్ల తరబడి నడిచే ఖాతా, రేపు ఉదయం కట్టేది కాదు. కనుక 30 ని 20 తో భాగించు, 1.5. నేను పాఠం చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఇదే పద్ధతి.

పట్నంబజారు గుమాస్తా

మాస్టారికి నమస్కారం. పరీక్ష సంగతి మీకే బాగా తెలుసు, అందులో వాదించను. కానీ ‘ఎంత ఎక్కువ ఉంటే అంత భద్రం’ అన్న మాట పిల్లల బుర్రలోకి ఎక్కితే తీయడం కష్టం.

ఆ వ్యాపారినే తీసుకుందాం. మార్చి అంటే యార్డులోకి పంట జోరుగా వచ్చే కాలం. కొన్న టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలోకి వెళ్తాయి, డబ్బు బ్యాంకు నుంచి వస్తుంది. నవంబరు నాటికి సరుకు చాలావరకు అమ్ముడవుతుంది. అప్పటి అంకెలు ఇలా ఉన్నాయనుకోండి: సరుకు 12, బాకీలు 30, నగదు 4, మొత్తం 46 లక్షలు. క్యాష్ క్రెడిట్ 6, సరుకు బాకీలు 10, మొత్తం 16 లక్షలు. రేషియో దాదాపు 2.9. మార్చిలో 1.5 ఉన్న మనిషి నవంబరుకు రెట్టింపు భద్రంగా మారాడా? తీసివేసి చూడండి. మార్చిలో 90 లోంచి 60 పోతే 30 లక్షలు. నవంబరులో 46 లోంచి 16 పోతే అవే 30 లక్షలు. వ్యాపారంలో తిరుగుతున్న అతని సొంత డబ్బు ఒక్క రూపాయి కూడా పెరగలేదు. పైనా కిందా రెండు అంకెలూ చిన్నవయ్యాయి కాబట్టి భాగఫలం పెద్దదైంది, అంతే.

ఇంకో సంగతి. మా వ్యాపారంలో ఏడాది పొడవునా 2.9 కనబడితే నాకు అనుమానం వస్తుంది. సరుకు అమ్ముడుపోక నిలిచిందా, బాకీలు వసూలు కావడం లేదా అని అడుగుతాను. రాని బాకీ కూడా కరెంట్ ఆస్తుల్లోనే కూర్చుని రేషియోను పెంచుతుంది.

సత్యనారాయణపురం టిఫిన్ సెంటర్

నాకు మీ పరీక్షలు తెలియవు కానీ రేషియో అనే మాట చూసి ఆగాను. మాది ఇడ్లీ, దోసెల హోటలు. బ్యాంకు అప్పుకు వెళ్తే ఆడిటరు గారు కాగితం చూసి, “అమ్మా, మీ కరెంట్ రేషియో 0.6, బ్యాంకు ఒప్పుకోవడం కష్టం” అన్నారు. నగదు 60 వేలు, పప్పూ బియ్యం 20 వేలు ఉంటాయి. పాలు, గ్యాసు, కిరాణా వాళ్లకు ఇవ్వవలసింది లక్షా ముప్పై వేలు. ఏడేళ్లుగా ఒక్క వారం కూడా ఎవరికీ ఆపలేదు. రోజుకు 15 వేల అమ్మకం ఉంది, అంతా చేతి డబ్బే. మీ 2:1 లెక్కన నేను ఎప్పుడో మూసేసి ఉండాలి కదా?

పట్నంబజారు గుమాస్తా

అమ్మా, మీరు వేరే సంగతి అడగబోయి ఈ చర్చకు కావలసిన ఉదాహరణ ఇచ్చారు. మీరు అరువుకు అమ్మరు, నిల్వ పెట్టరు. అరువుకు కొని నగదుకు అమ్ముతారు. తొమ్మిది రోజుల అమ్మకంతో మీ బాకీ మొత్తం తీరిపోతుంది. అలాంటి వ్యాపారానికి ఒకటి కంటే తక్కువ రేషియో జబ్బు కాదు, దాని స్వభావమే అంత. అమ్మకాలు ఒక నెల ఆగిపోతే మాత్రం మొదట ఇబ్బంది పడేది కూడా మీలాంటి వారే.

పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి

టిఫిన్ సెంటర్ అమ్మగారికి ముందు చెబుతాను. చిన్న వ్యాపారాల వర్కింగ్ క్యాపిటల్‌కు, అంటే రోజువారీ నడకకు కావలసిన డబ్బుకు, రిజర్వ్ బ్యాంకు వేసిన నాయక్ కమిటీ చెప్పిన టర్నోవర్ పద్ధతి ఉంది. ఏడాదికి వస్తుందనుకున్న అమ్మకంలో 25 శాతం అవసరంగా లెక్కగట్టి, అమ్మకంలో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం మీరు పెట్టాలి. రోజుకు 15 వేలంటే ఏడాదికి 54 లక్షల పైచిలుకు, అందులో 20 శాతం 10.8 లక్షల పైచిలుకు. అయితే మీ అమ్మకం ఖాతాలో కనబడాలి. గల్లాపెట్టెలోనే తిరిగే డబ్బును బ్యాంకు చూడలేదు.

ఇక విద్యార్థికి. మన బ్యాంకులు చాలాకాలం చూసింది 2 కాదు, 1.33. రిజర్వ్ బ్యాంకు వేసిన టాండన్ కమిటీ నివేదిక 1975 లో వచ్చింది. దాని రెండో పద్ధతి ప్రకారం కరెంట్ ఆస్తుల్లో నాలుగో వంతు వ్యాపారి తన దీర్ఘకాలిక డబ్బుతో పెట్టాలి. మిగిలిన మూడు వంతులే అప్పు. నాలుగును మూడుతో భాగిస్తే 1.33. మీ బాబాయి గారి వ్యాపారికి 90 లో నాలుగో వంతు 22.5 లక్షలు కావాలి, అతని దగ్గర 30 ఉన్నాయి. కనుక 1.5 చూసి మేము కంగారు పడేవాళ్లం కాదు.

నాకు భయం సరుకు ధర మీద. ఆ 60 లక్షలు 400 క్వింటాళ్లు, క్వింటా 15 వేల చొప్పున కొన్నాడనుకుందాం. ధర 11 వేలకు పడిపోతే కొన్న ధర, అమ్మితే వచ్చే ధర రెంటిలో తక్కువది వేయాలి కనుక నిల్వ 44 లక్షలవుతుంది. కరెంట్ ఆస్తులు 74, అప్పులు అవే 60. రేషియో 1.23. సొంత డబ్బు 30 నుంచి 14 కు దిగింది. ఇది ఊహ కాదు, 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోయి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అలాంటి ఏడాది బ్యాలెన్స్ షీటులో నిల్వను పాత ధరకే చూపిస్తే 1.5 అలాగే నిలబడి ఉంటుంది. అందుకే నేను రేషియో కంటే ముందు కోల్డ్ స్టోరేజీ రసీదులు, ఆ రోజు యార్డు ధర చూసేవాణ్ని.

బ్రాడీపేట మాస్టారు

బ్యాంకు అయ్యగారి 1.33 సంగతి ఒప్పుకుంటున్నాను. ‘ఎంత ఎక్కువ ఉంటే అంత భద్రం’ అన్నది తొందరపడి రాశాను, వెనక్కి తీసుకుంటాను. కానీ 2:1 పుట్టుక కూడా చెప్పుకోవాలి కదా. పాత అమెరికా బ్యాంకర్ల కొలత అది: సరుకూ బాకీలూ సగం ధరకే పోయినా అప్పు తీరాలి. పైన చెప్పిన ధర పతనం కథ ఆ జాగ్రత్తనే సమర్థిస్తోంది, కొట్టేయమనడం లేదు. ఇక క్యాష్ క్రెడిట్‌ను తీసేయాలన్న మాట మీద మాత్రం నేను కదలను.

పట్నంబజారు గుమాస్తా

పుట్టుక బాగా చెప్పారు మాస్టారూ. కానీ ఆ 2:1 ని తెచ్చి చూపించడం ఎంత తేలికో చూడండి. మార్చి 30 న ఆ వ్యాపారి బాకీలు 25 లక్షలూ వసూలు చేశాడనుకోండి. చేతిలో ఉన్న 5 కలిపి 30 లక్షలు క్యాష్ క్రెడిట్‌లో జమ చేశాడు. మిగిలింది సరుకు 60. అప్పుల్లో క్యాష్ క్రెడిట్ 10, సరుకు బాకీలు 20, మొత్తం 30. అచ్చంగా 2:1. ఆ రోజు అతని దగ్గర రూపాయి నగదు లేదు, క్విక్ రేషియో సున్నా. ఏప్రిల్ మొదటి వారంలో ఆ 30 లక్షలు మళ్లీ బయటికి వస్తాయి. రేషియో ఒకటి కంటే ఎక్కువ ఉన్నప్పుడే ఈ కిటుకు పనిచేస్తుంది. ఒకటి కంటే తక్కువ ఉన్నవాడు ఇలాగే కడితే ఇంకా దిగుతుంది: 45 ఆస్తులకు 60 అప్పులు ఉన్నవాడు 30 కడితే 0.75 కాస్తా 0.5 అవుతుంది.

దీన్ని పట్టుకోవాలంటే బ్యాలెన్స్ షీటు చాలదు, క్యాష్ క్రెడిట్ ఖాతా మార్చి, ఏప్రిల్ స్టేట్‌మెంటు కావాలి.

క్యాష్ క్రెడిట్ ఏళ్ల తరబడి నడుస్తుందన్నారు. ఒక ఏడాది మా యజమాని బ్యాంకు లిమిట్ పునరుద్ధరణను ఆరు వారాలు ఆపేసింది. సరిగ్గా కొనుగోళ్ల సమయంలో. అప్పటి నుంచి నా లెక్కలో అది అడిగిన రోజు కట్టవలసిన అప్పే. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 కూడా దాన్ని స్వల్పకాలిక అప్పుల్లోనే చూపించమంటుంది.

కృష్ణలంక విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. కాగితం మీద ఇలా మార్చాను.

```
కరెంట్ రేషియో = కరెంట్ ఆస్తులు ÷ కరెంట్ అప్పులు
క్విక్ రేషియో = (కరెంట్ ఆస్తులు − సరుకు − ముందస్తు ఖర్చులు) ÷ కరెంట్ అప్పులు
```

2:1 ఉంచాను, పక్కన ‘పాత కొలత, సీజను, సరుకు ధర, నగదు వ్యాపారమా కాదా చూడాలి’ అని రాశాను. ఒక సందేహం మిగిలింది. ఏడాదిలో సరుకు ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే స్టాక్ టర్నోవర్‌కు సగటు నిల్వ తీసుకోమంటారు కదా. అమ్మిన సరుకు ఖరీదు 180 లక్షలు, మార్చి నిల్వ 60. మూడు సార్లు, అంటే సుమారు 122 రోజులు. మొదటి, చివరి నిల్వల సగటు తీసుకుంటే సీజను లోపం పోతుందా?

పట్నంబజారు గుమాస్తా

పోదు తమ్ముడూ. మొదటి నిల్వ కూడా మార్చి 31 దే కదా, ఆ రోజూ గోదాము నిండుగానే ఉంటుంది. రెండు నిండు రోజుల సగటు నిండుగానే వస్తుంది. నెలనెలా బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ల సగటు 35 లక్షలు అనుకో, అప్పుడు అయిదు సార్ల పైన, 71 రోజులు. బాబాయిని అవి పన్నెండూ అడుగు. పరీక్షలో నెలవారీ అంకెలు ఇవ్వరు, అక్కడ మామూలు సగటే వేసుకో.

బ్రాడీపేట మాస్టారు

బాబూ, క్విక్ రేషియో కింద మొత్తం కరెంట్ అప్పులు రాశావు. అలాగే ఉంచాలనుకుంటే జవాబు చివర ‘క్యాష్ క్రెడిట్‌ను కరెంట్ అప్పుగా తీసుకున్నాను’ అని ఒక వాక్యం రాయి. నేను దిద్దితే దానికి మార్కు ఇస్తాను, నా అభిప్రాయం మారకపోయినా.