గోదావరి వంతెన మీద రైలు: కవితలో కన్నొక్కటే చాలదా?

తొలిచినుకు: కొవ్వూరు నుంచి రాజమండ్రికి పాసింజర్‌లో వెళ్లడం మీద కవిత రాశాను. అంతా కంటికి కనపడిందే రాశావన్నారు. రుచి, స్పర్శ, చప్పుడు ఎలా తేవాలి? రెండో చరణం ఇది:

కిటికీలో గోదావరి
వెండి చీరలా మెరిసింది
ఇసుక తిన్నెలు, పడవలు
వెనక్కి పరుగెత్తాయి

పట్టాలమనిషి: క్రియల కింద గీత గీయండి. మెరిసింది, పరుగెత్తాయి. రెండూ కంటివే. కన్ను కిటికీ బయట ఉంది, ఒళ్లు పెట్టెలో ఉంది. మీ చరణంలో పెట్టెలో ఎవరూ కూర్చోలేదు. ఊచకి గడ్డం ఆనించిన మనిషికి రైలు అదురు పళ్లలోకి వస్తుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇంకుమరక: శబ్దం జోలికి పోకండి. 'చుక్ చుక్' అని రాసినందుకు నా కవిత ఒక పత్రిక తిప్పి పంపింది. ధ్వని అంటే ఈ సంపాదకులకు గిట్టదు.

పట్టాలమనిషి: అది ఆవిరి ఇంజను చప్పుడండీ. ఇప్పటి పాసింజర్‌లో ఎక్కడ వింటారు? తిప్పి పంపింది ధ్వని ఉన్నందుకు కాకపోవచ్చు, అబద్ధపు ధ్వని అయినందుకు కావచ్చు.

గతిభేదం: అయితే 'టకటక' ఉంది కదా. పట్టాల లయ మిశ్రగతి. ముత్యాల సరంలో, మూడూ నాలుగు మాత్రల్లో రాస్తే రైలు దానంతటదే నడుస్తుంది.

పట్టాలమనిషి: సగం ఒప్పుకుంటాను. పాత పట్టాలు 13 మీటర్లవి, అతుకు దగ్గర చక్రం కొట్టుకునేది. గంటకి 47 కిలోమీటర్ల వేగంలో ఒక్కో చక్రం సెకనుకో అతుకు దాటుతుంది. కానీ పెట్టె కింద ఒక్కో కొసన రెండు ఇరుసులు దగ్గరగా ఉంటాయి కనుక వినపడేది రెండు దెబ్బలు, తర్వాత ఖాళీ. ముత్యాల సరంలో ఆ ఖాళీ లేదు, పాదం ఆగకుండా సాగిపోతుంది. పైగా ప్రధాన మార్గాల్లో పట్టాలు వెల్డింగ్ చేసి కలిపేశారు. అక్కడ ఆ దెబ్బలు ఎక్కువగా స్టేషను దగ్గర పట్టాలు చీలే పాయింట్ల మీదే వినిపిస్తాయి. కవిత పొడవునా టకటక పెడితే రైలెక్కినవాడు నమ్మడు.

వంతెన మీద సంగతి వేరు. రోడ్డు కం రైలు బ్రిడ్జిలో పట్టాల కింద కంకర ఉండదు, ఇనుప దూలాలుంటాయి, నెత్తిన రోడ్డు కప్పులా ఉంటుంది. చప్పుడు ఒక్కసారిగా బోలుగా మారుతుంది. 1997 నాటి ఆర్చి బ్రిడ్జి కాంక్రీటుది, అంతగా మోగదు. ఏ వంతెనో తేల్చుకుని రాయండి.

పాతకాపు: ఇంజనీరింగు పాఠం బాగుంది. గోదావరిని చూడగానే వెండి చీర తట్టడమే కవిత్వం. మిగతావి అలంకారాలు.

పట్టాలమనిషి: వెండి చీర ఎవరికైనా తడుతుంది మాస్టారూ. ఆ చరణాన్నే ఇలా చూడండి:

పిడికిట్లో రూపాయి బిళ్ల వేడెక్కింది
కింద నేల తప్పి
చప్పుడు బోలుగా మారింది
పెదవి మీద జామకాయ కారం
ఇంకా మండుతోంది
విసిరాక అరచేతిలో
గుండ్రటి చల్లదనం

చెమట పట్టిన చోట గాలి తగిలి చల్లబడింది, అంతే. 'లా' ఒక్కటీ లేదు. రుచి ఒక్కసారే వాడాను. పులిహోర, టీ, తాండ్ర అన్నీ పెడితే అది ఫలహారాల పట్టీ. కారం తిన్నాక టీ తాగితే మామూలుకన్నా వేడిగా కాలుతుంది. టీ కావాలంటే జామకాయ తర్వాతే రావాలి, ఆ మంటను పెంచడానికి.

ఇంకుమరక: బిళ్ల వేయడం ఎందుకో వేరే ప్రాంతం వాళ్లకి తెలియదుగా?

పాతకాపు: అదే నేనూ అడుగుతున్నా! ఇందులో గోదావరి ఏది? పేరు కూడా లేదు. ఆవిడ నదిని మీరు తుడిచేశారు!

పట్టాలమనిషి: పేరు శీర్షికలో పెడితే సరిపోతుంది. అరవకండి.

పాతకాపు: అరుస్తాను. ఆవిడ పాత టపాలో కవిత మొత్తం ఉంది, మీరు చదవలేదు. చివరి రెండు పంక్తులు 'ఈసారి అమ్మ లేదు, స్టేషనులో ఎవరూ రారు' అని. ఆ మాట ముందు మీ జామకాయ ఎంత? చర్మం మీద జరిగేదంతా రాసి గుండెలో ఉన్నది చెప్పకుండా దాటేయడం ఇప్పుడు ఫ్యాషనైంది. నా గొడవ రుచితో కాదు, దీంతో.

పట్టాలమనిషి: చదవలేదు, తప్పు నాదే. అయినా ఆ రెండు పంక్తులే కొట్టేయమంటాను. అమ్మ లేదని చెప్పాక పాఠకుడికి చేయడానికేం మిగల్లేదు. బిళ్ల ఎవరిచ్చేవారు? అది రాస్తే చాలు.

పాతకాపు: ఒప్పుకోను. దుఃఖానికి పేరు పెట్టే హక్కు కవికి ఉంది.

గతిభేదం: ఒక పంక్తి ఉంచి ఒకటి తీసేస్తే?

తొలిచినుకు: బిళ్ల అమ్మే ఇచ్చేది, కొంగు ముడి విప్పి. బిళ్లకి పసుపు అంటి ఉండేది. జామకాయ తీసేసి పసుపు పెడుతున్నాను. 'ఎవరూ రారు' మాత్రం ఉంచుతున్నా, తీయడానికి చేయి రావడం లేదు.

పట్టాలమనిషి: పసుపు పెట్టండి. వేళ్ల మీద అంటిన పొడిగా, రంగుగా కాదు. ఆ పంక్తి సంగతి మళ్లీ మాట్లాడదాం.