శనివారం రాశారా, శనివారం ఇస్తారా? ఈ వాక్యాన్ని ఎలా సరిచేయాలి?

నేను ఇంట్లో ట్యూషన్ చెబుతాను. మొన్న గురువారం పిల్లల తల్లిదండ్రులకు ఇలా మెసేజ్ పెట్టాను: "శనివారం రాసిన పరీక్ష పేపర్లు ఇస్తాను." శనివారం పరీక్ష జరిగిందనీ, ఆ పేపర్లు ఇస్తున్నాననీ నా ఉద్దేశం. సగం మంది మాత్రం పేపర్లు శనివారమే ఇస్తానని అనుకుని ఆగిపోయారు!

తప్పు వాళ్లది కాదు. ఇందులో ఏ పదానికీ రెండు అర్థాలు లేవు. "శనివారం" అన్నది "రాసిన"తో అతుక్కుంటుందా, దాన్ని దాటి చివరి "ఇస్తాను"తోనా అన్నదే పేచీ. ఇంగ్లీషులో "I saw the man with the telescope" అనే వాక్యం కూడా ఇలాంటిదే: టెలిస్కోప్ చూసినవాడిదా, కనిపించినవాడిదా అన్నది తేలదు. విచిత్రంగా అది తెలుగులో తేలిపోతుంది: "టెలిస్కోప్‌తో చూశాను" వేరు, "టెలిస్కోప్ ఉన్న మనిషి" వేరు.

రెండో అర్థానికి దారి సులువే: "రాసిన పరీక్ష పేపర్లు శనివారం ఇస్తాను." నాకు కావాల్సిన మొదటి అర్థానికి "శనివారం నాటి పరీక్ష పేపర్లు" అంటే సరిపోతుంది. కానీ ఈ చిట్కా అన్నిచోట్లా పనిచేయదు. "అమ్మ నవ్వుతూ వచ్చిన పిల్లాణ్ణి ఎత్తుకుంది" చూడండి. నవ్వింది ఎవరు? పిల్లాడే అని చెప్పడానికి "నవ్వుతూ వచ్చిన పిల్లాణ్ణి అమ్మ ఎత్తుకుంది" అని మార్చాను. మా ఆవిడకి ఇప్పటికీ అమ్మ నవ్వినట్టే వినిపిస్తోందట.

మీకు ఎలా వినిపిస్తోంది? వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టకుండా, పిల్లాడే నవ్వాడని తేల్చే మార్గం ఉందా?