కెంపా, గార్నెట్టా? నా పరీక్షలో లోపం ఎక్కడో చెప్పండి

నమస్కారం. రత్నశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. అభ్యాసం కోసం ఇచ్చిన ఒక ఎర్ర రాయి రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

రిఫ్రాక్టోమీటరులో వక్రీభవన గుణకం 1.76 దగ్గర ఒకే నీడ అంచుగా కనిపించింది. కెంపుకైతే 1.762, 1.770 అని రెండు అంచులు రావాలి. వాటి మధ్య తేడా 0.008 మాత్రమే కాబట్టి, పోలరైజింగ్ ఫిల్టర్ తిప్పకుండా చూస్తే రెండూ కలిసిపోయి ఒకటిగా కనిపించవచ్చు. నేను ఫిల్టర్ వాడలేదు.

తర్వాత తూచాను. గాలిలో 2.10 క్యారెట్లు, నీటిలో 1.55. తగ్గినది 0.55; 2.10ని దానితో భాగిస్తే విశిష్ట గురుత్వం 3.82 వచ్చింది. కెంపుకు 4.00 ఉండాలి. రాయికి గాలి బుడగ అంటుకుంటే విలువ తగ్గుతుందని తెలుసు, అందుకే కుంచెతో తుడిచి మళ్లీ తూచాను. అదే వచ్చింది.

డైక్రోస్కోపులో పై ముఖం గుండా చూస్తే రెండు గడుల్లోనూ ఒకే ఎరుపు. అయితే కెంపునైనా దృక్ అక్షం వెంట చూస్తే రంగులు విడిపోవు కదా!

నా అనుమానం పైరోప్–ఆల్మండైన్ గార్నెట్ మీద. పక్కల నుంచి ఇంకో రెండు దిశల్లో చూసినా ఊదా ఎరుపు, నారింజ ఎరుపు విడిగా కనిపించకపోతే కెంపు కాదని ధైర్యంగా రాయవచ్చా? ఫిల్టరుతో ఒకే అంచు నిలిస్తే చాలా, పోలారిస్కోపు కూడా వాడాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.