నమాజులో పగలబడి నవ్వితే వుజూ పోతుందా? పేరు చెప్పని ఉల్లేఖకుడి పంచాయితీ

చాయ్_బిస్కెట్: మొన్న ఇషా నమాజులో ముందు వరసలో ఉన్న బుడ్డోడు సజ్దాకి వంగితే టోపీ దొర్లుకుంటూ నా ముందుకొచ్చింది. నవ్వు ఆపుకోలేక పైకే నవ్వేసిన. ఇమాం సాబ్ నమాజుతో పాటు దానికి ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కునే వుజూ కూడా మళ్లీ చేసుకోమన్నారు. బార్కస్‌లో ఉండే నా షాఫయీ దోస్తేమో నమాజు మళ్లీ చదివితే చాలు, వుజూ హదీసు ముర్సల్, మధ్యలో మనిషి లేడు అంటున్నాడు. మధ్యలో మనిషి లేని హదీసును మా హనఫీ మజ్‌హబ్ వాళ్లు ఎట్లా తీసుకున్నరు? షాఫయీ మజ్‌హబ్ వాళ్లు ఎందుకు వదిలేసిన్రు?

గుంటూరు_కుర్రాడు: ఇందులో పెద్ద గొడవేం లేదు భాయ్. ముర్సల్ అంటే ప్రవక్తను చూసిన సహాబీ పేరు ఒక్కటే చెప్పకుండా వదిలేయడం. సహాబాలందరూ నమ్మదగినవాళ్లే అని అందరూ ఒప్పుకుంటారు కదా, పేరు తెలియకపోతే పోయేదేముంది? హిరా గుహలో ప్రవక్తకు మొదటి వహీ, అంటే దైవసందేశం, వచ్చిన సంగతి మనకు చెప్పింది ఆయిషా (రజి). అప్పటికి ఆమె పుట్టనే లేదు, అయినా ఎవరూ కాదనలేదు. షాఫయీలు అనవసరంగా పట్టుబట్టారని నా అభిప్రాయం.

పాత_పుస్తకాలు: తమ్ముడూ, రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేశావు. ఆయిషా (రజి) స్వయంగా సహాబియా. ఆమె ఆ మాట విన్నది ప్రవక్త (సఅసం) దగ్గరో ఇంకో సహాబీ దగ్గరో అయ్యుంటుంది కాబట్టి దాన్ని దాదాపు అందరూ తీసుకున్నారు. నవ్వు హదీసు చెప్పినాయన అబుల్ ఆలియా. బస్రా మనిషి, ప్రవక్తను చూడని తరం వాడు, తాబియీ. ఆయన నేరుగా 'ప్రవక్త ఇలా ఆదేశించారు' అన్నాడు. మధ్యలో జారిపోయింది ఒక్క సహాబీయే అని ఖాయంగా తెలిస్తే ఇమాం షాఫయీ కూడా నోరెత్తేవాడు కాదు. కానీ ఒక తాబియీ ఇంకో తాబియీ దగ్గర వినొచ్చు, ఆయన మరొకరి దగ్గర వినొచ్చు. ఇలా వరసగా ఆరేడుగురు తాబియీల దాకా ఉన్న సనదులు, అంటే ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పే పేర్ల వరసలు, దొరికాయని హదీసు పండితుడు ఇబ్న్ హజర్ రాశాడు. అంటే ఖాళీ ఎంతుందో మనకు తెలియదు, సహాబీ కాని ఆ మనుషులు ఎలాంటివాళ్లో అసలే తెలియదు.

ఇక ఈ హదీసు సంగతికొస్తాను. ప్రవక్త నమాజు చేయిస్తుంటే చూపు సరిగా లేని ఒకాయన వచ్చి గుంటలో పడ్డాడు. వెనక ఉన్నవాళ్లలో కొందరు నవ్వారు. నవ్వినవాళ్లు వుజూ, నమాజు రెండూ మళ్లీ చేసుకోవాలని ప్రవక్త ఆదేశించారు. ఇదే మాట అబుల్ ఆలియా ఒక్కడి నుంచే కాదు, బస్రాలో హసన్ నుంచి, కూఫాలో ఇబ్రాహీం నఖయీ నుంచి, మదీనా వాడైన జుహ్రీ నుంచి కూడా వచ్చింది. నలుగురూ మధ్యలో ఎవరి పేరూ చెప్పలేదు.

పైకి చూస్తే ఇది గట్టి సాక్ష్యమే. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు గురువుల దగ్గర చదువుకున్నవాళ్లు ఒకే మాట చెబితే ముర్సల్‌కి బలం వస్తుందని షాఫయీయే తన పుస్తకం 'రిసాలా'లో రాశాడు. మరి ఆయనే దీన్ని ఎందుకు తోసేశాడు?

బస్రాకే చెందిన అబ్దుర్రహ్మాన్ బిన్ మహ్దీ అనే ఆయన కూర్చుని ఒక్కొక్క దారీ వెనక్కి తవ్వాడు. హసన్‌కి ఈ మాట చెప్పింది హఫ్స్ బిన్ సులైమాన్. హఫ్స్ విన్నది హఫ్సా బిన్త్ సీరీన్ దగ్గర, ఆమె విన్నది అబుల్ ఆలియా దగ్గర. ఇబ్రాహీంకి చెప్పింది అబూ హాషిం, ఆయనకీ అబుల్ ఆలియా నుంచే వచ్చింది. జుహ్రీ విన్నది సులైమాన్ బిన్ అర్కం దగ్గర, అతను హసన్ పేరు చెప్పాడు, హసన్ దారి ఎక్కడికి పోతుందో ఇందాకే చూశాం. ఇన్ని కాలువలు పారుతున్నాయని మురిసిపోతే, అన్నిటికీ ఉన్నది ఒకటే చెరువు.

డెస్క్_సబ్ఎడిటర్: నేను ముస్లింను కాను, ఊరికే చదువుతున్నాను. మా పేపర్లో 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' అని రాస్తాం చూడండి, అచ్చం అదే గోల! సీనియర్ రిపోర్టర్ రాస్తే డెస్కులో అడగం, కొత్తవాడు రాస్తే ఆ వర్గాలెవరో చెప్పమంటాం. పేరు చెప్పనిది సోర్సు పెద్దవాడు కాబట్టా, పనికిరానివాడు కాబట్టా అన్నది ఎప్పుడూ టెన్షనే.

పాత_పుస్తకాలు: సరిగ్గా పట్టుకున్నారండీ. జుహ్రీ విషయంలో హదీసు విమర్శకుడు యహ్యా అల్ ఖత్తాన్ అన్నది కూడా ఇదే. జుహ్రీ ముర్సల్ మిగతావాళ్ల ముర్సల్ కన్నా అధ్వాన్నం, ఎందుకంటే ఆయన హదీసులు కంఠస్థం చేసిన హాఫిజ్, పేరు చెప్పగలిగినప్పుడల్లా చెబుతాడు, చెప్పడం ఇష్టం లేనివాళ్లనే వదిలేస్తాడు అన్నాడు. నవ్వు హదీసులో జరిగిందీ అదే. షాఫయీకి మొదట ఇది జుహ్రీ ముర్సల్‌గానే చేరింది. తర్వాత ఇంకో దారిలో సులైమాన్ బిన్ అర్కం పేరు బయటపడింది. హదీసు విమర్శకులు పక్కన పడేసిన మనిషి అతను. జుహ్రీ అంతటి ఇమామే ఇలాంటివాడి మాటను పేరు చెప్పకుండా ఎత్తుకున్నప్పుడు ఇంకెవరి ముర్సల్‌ని కళ్లు మూసుకుని తీసుకోగలం అన్నది షాఫయీ వాదన.

బార్కస్_వాలా: అబుల్ ఆలియా ఇంటిపేరు రియాహీ. ఆయన హదీసు ఉత్త 'రియాహ్', అంటే గాలి అని షాఫయీ చమత్కరించాడని మా ఉస్తాద్ చెప్పేవారు. హసన్, అబుల్ ఆలియా ముర్సల్‌లు తీసుకోకండి, ఎవరి దగ్గర వింటున్నామని వాళ్లు పట్టించుకోరు అని ఇబ్న్ సీరీన్ ముందే చెప్పాడు. పైగా జాబిర్ (రజి) అనే సహాబీ నవ్వితే నమాజే మళ్లీ చేయాలి, వుజూ కాదు అన్నారు. ఇంక మాట్లాడేదేముంది?

నిజామియా_పాత_విద్యార్థి: మాట్లాడేది చాలా ఉంది భాయ్. ఇబ్న్ సీరీన్ చెప్పిన ఇంకో మాట కూడా గుర్తు చేసుకోండి. మొదట్లో సనద్ ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఫిత్నా, అంటే ముస్లింలలో అంతర్గత కలహం, వచ్చాకే మీ మనుషుల పేర్లు చెప్పండి అనడం మొదలైంది అన్నాడు. పెద్ద తాబియీలు పేరు వదిలేయడం అప్పటి అలవాటే, దాచిపెట్టడం కాదు. సుఫ్యాన్ సౌరీ, మాలిక్, ఔజాయీ లాంటి పాతవాళ్లు ముర్సల్‌ని ఆధారంగా తీసుకునేవారని, షాఫయీ వచ్చాకే దాని మీద మాట మొదలైందని అబూ దావూద్ మక్కావాళ్లకు రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఆయన హనఫీ కాదు కదా!

ఇబ్రాహీం నఖయీ తన పద్ధతి తనే చెప్పుకున్నాడు. 'ఫలానా ఆయన నాకు అబ్దుల్లా (బిన్ మస్‌ఊద్) మాట చెప్పాడు అంటే విన్నది ఆ ఒక్కడి దగ్గరే. పేరు లేకుండా అబ్దుల్లా అన్నాడు అంటే ఒకరికన్నా ఎక్కువమంది చెప్పారని' అన్నాడు. మా హనఫీలు దీన్నే ఇంకో రకంగా చెబుతారు. సనద్ ఇచ్చినవాడు పరిశీలించే పని నీ నెత్తిన పెట్టాడు, సనద్ వదిలేసినవాడు జమానతు తన మీద వేసుకున్నాడు అని.

ఇంకొకటి. హనఫీలది ఖియాస్ మతం, అంటే పోలిక చూసి సొంత బుర్రతో తీర్పులిస్తారు అంటుంటారు. నవ్వితే వుజూ పోవడం ఏ ఖియాస్‌కి అందుతుంది? ఒంట్లోంచి ఏమీ బయటికి రాలేదు. నమాజు బయట నవ్వితే వుజూ పోదని మావాళ్లూ అంటారు. ఖియాస్ వద్దంటున్నా హదీసు కోసమే దాన్ని పక్కన పెట్టారు. హదీసులో ఉన్నంతవరకే ఆగారు కూడా. రుకూ, సజ్దాలు ఉన్న నమాజు అయ్యుండాలి, నవ్వినవాడు పెద్దవాడై ఉండాలి. జనాజా నమాజులో నవ్వితే నమాజు పోతుంది, వుజూ పోదు. చిరునవ్వుకి రెండూ పోవు. తనకు మాత్రమే వినపడితే నమాజు పోతుంది, పక్కవాడికి వినపడితేనే వుజూ కూడా.

పాత_పుస్తకాలు: ఇబ్రాహీం మాట నిజమే కానీ అది ఇబ్న్ మస్‌ఊద్ దగ్గరి నుంచి వచ్చిన మాటల గురించి. నవ్వు హదీసుకి దాన్ని వాడలేం. ఇక్కడ ఆయన వెనక ఉన్నది అబూ హాషిం ఒక్కడే అని తేలిపోయింది.

నిజామియా_పాత_విద్యార్థి: తేలింది ఇబ్న్ మహ్దీ లెక్కలో. ఇబ్రాహీంకి ఆ ఒక్క దారి తప్ప ఇంకోటి లేదని ఎవరు నిరూపించారు?

మటన్_కొట్టు_కర్నూలు: అన్నా, నాదో డౌటు. మాది మాంసం కొట్టు. పల్లెటూళ్ల వాళ్లు బతికున్న మేకపిల్లను ఇచ్చి, డబ్బులకు బదులు కోసిన మాంసం పట్టుకుపోతారు. ఇది హరామని ఒకాయన అన్నాడు. మీరు చెప్పే ముర్సల్ గొడవ దీనికి కూడా ఉందా?

పాత_పుస్తకాలు: భలే అడిగారు, అసలు తిరకాసంతా మీ మేకపిల్ల దగ్గరే ఉంది. జంతువుకి మాంసాన్ని అమ్మకూడదని ప్రవక్త అన్నట్టు సయీద్ బిన్ ముసయ్యబ్ చెప్పాడు. అదీ ముర్సలే, మాలిక్ 'మువత్తా'లో ఉంది. ముర్సల్ అంటే అంత గట్టిగా పట్టుబట్టే షాఫయీ దీన్ని తీసుకున్నాడు! ఎందుకంటే సయీద్ పెద్ద తాబియీ, మదీనావాడు, అబూ హురైరా (రజి) అల్లుడు. ఆయన ముర్సల్‌లను వెతికితే వేరే దారుల్లో పూర్తి సనద్‌తో దొరికాయి. పైగా ఈ మాటకి తోడు అబూ బకర్ (రజి) కాలంలో ఒక సంఘటన ఉంది. ఒంటెను కోస్తే ఒకడు మేకపిల్లను పట్టుకొచ్చి దీనికి బదులు నాకో వాటా ఇవ్వండి అన్నాడు, అబూ బకర్ ఇది కుదరదన్నారు. అంటే షాఫయీ ముర్సల్‌ని గంపగుత్తగా తోసేయలేదు, చెప్పినవాడెవరో, వెనక తోడేముందో చూశాడు.

అటు చూస్తే ముర్సల్‌ని ఒప్పుకునే అబూ హనీఫా, అబూ యూసుఫ్ ఈ బేరం చేసుకోవచ్చన్నారు. మాంసం తూకం సరుకు, బతికున్న మేక తూకం సరుకు కాదు, రెండూ వేర్వేరు అని. అరువు మాత్రం కుదరదు, చేతికి చేయి జరగాలి. వాళ్ల శిష్యుడు ముహమ్మద్ మాత్రం మేకకి మేక మాంసమైతే, మేకలో ఉండే మాంసం కన్నా ఇచ్చేది ఎక్కువ ఉండాలన్నాడు. అలాగే మాలికీలు ముర్సల్‌ని ఒప్పుకుంటారు, అయినా నవ్వితే వుజూ పోదంటారు. కాబట్టి ముర్సల్ చెల్లుతుందా లేదా అని ఒక్క ముక్కలో తేల్చేసి తీర్పులన్నీ దాన్నుంచి లాగలేం. మీ కొట్టు సంగతి మాత్రం మీ మజ్‌హబ్ ముఫ్తీనే అడగండి, నేను పుస్తకాలు చదివేదాన్ని అంతే.

గుంటూరు_కుర్రాడు: సరే ఆపా, నేను సహాబీ ముర్సల్‌నీ తాబియీ ముర్సల్‌నీ కలిపేశాను, ఒప్పుకుంటున్నా. ఇవన్నీ ఒకేచోట ఎక్కడ చదవొచ్చు?

పాత_పుస్తకాలు: అరబీ వస్తే మన హైదరాబాదులోనే ఉంది. దాయిరతుల్ మఆరిఫ్ వాళ్లు బైహఖీ 'సునన్ కుబ్రా' పది సంపుటాలు అచ్చేశారు. పైన షాఫయీ పక్షాన బైహఖీ, అదే పేజీ కింద ఆయన్ని తప్పుపడుతూ హనఫీ అయిన ఇబ్న్ తుర్కుమానీ. వుజూ అధ్యాయంలో నవ్వు గురించిన భాగం తెరిస్తే ఇక్కడ ఇప్పుడు కొట్టుకుంటున్నదంతా పైనా కిందా కనపడుతుంది.

చాయ్_బిస్కెట్: అందరికీ షుక్రియా. ఆ రాత్రి వుజూ చేసుకునే మళ్లీ చదివిన, అది వేరే సంగతి. పక్కవాడికి వినపడాలి అన్నరు కదా, నా పక్కన నిలబడ్డది ఈ బార్కస్ దోస్తే. వినపడిందా అంటే నవ్వుతడు తప్ప చెప్పడు. ఇమాం సాబ్ ముందు వరస కన్నా ముందుండె, నవ్వింది నేనే అని ఆయనకి ఎవరు చెప్పిన్రో ఇప్పటికీ తెల్వదు.

బార్కస్_వాలా: నేనైతే చెప్పలే. మా మజ్‌హబ్‌లో నీ వుజూ బాగనే ఉండె.