ఒకే ప్రయాణపు ఫొటోలన్నీ కలిపి చూస్తే దారి తేలుతుందా, లేక మనం ముందే అనుకున్న దారిలోకి ఫొటోలను ఇరికిస్తున్నామా?

పాతనెగటివు:
మా నాన్నగారు 1993లో కెమెరా కొన్నారు, అది 1995లో పోయింది. ఆ మధ్య తీసిన ఒక రీలులోని ఐదు ఫ్రేములు ఏ ప్రాంతానివో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఏడవ ఫ్రేములో రైల్వే స్టేషను పసుపు బోర్డు ఉంది. పేరంతా మనుషుల వెనక పడిపోయింది, కింద సముద్రమట్టానికి ఎత్తు రాసిన చోట మాత్రం '96' అని కనిపిస్తోంది. దానికి ముందున్న అంకె ఎవరిదో భుజం వెనక ఉంది. తొమ్మిది, పది ఫ్రేములు కదులుతున్న రైలు నుంచి తీసిన కొండలు. పన్నెండులో కాఫీ తోట ఉంది. పదిహేనులో ఒక జీపు ఉంది, దాని నంబరు ఓఆర్ 10తో మొదలవుతుంది. వీటన్నిటినీ కలిపి చూసి ప్రాంతం తేల్చవచ్చునని మా తమ్ముడు అంటున్నాడు. నాకు మాత్రం, ఒకటి అరకు అనుకున్న తరువాత మిగతావన్నీ అరకులాగే కనిపిస్తున్నాయి. ఎవరిది సరి?

రైలుపిచ్చి:
మీ తమ్ముడిది సరి. కొత్తవలస–కిరండూల్ మార్గంలో శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లన్నది రైలు అభిమానులకు నోటికి వచ్చిన అంకె. ఆ పక్కనే కాఫీ తోటలు ఉన్నాయి. అరకు దాటగానే ఒడిశా వస్తుంది, ఓఆర్ 10 ఆ రోజుల్లో కోరాపుట్ జిల్లా నంబరు. మూడు ఆధారాలు ఒకే గీత మీద వరుసగా కూర్చున్నాయి. నేనైతే ముందు మార్గం పట్టుకుని, ఆ తరువాతే ఒక్కొక్క ఫొటోను దాని మీద పెట్టుకుంటూ పోతాను, ఎందుకంటే దేశమంతా వెతకడం కంటే ఒక పట్టాల జత వెంబడి వెతకడం ఎంతో సులువు.

బెంగళూరు బాబాయి:
కనిపించని అంకె తొమ్మిదే అని ఎవరు చెప్పారు? ఎనిమిది ఎందుకు కాకూడదు? బెంగళూరు చుట్టుపక్కల స్టేషన్లు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. అక్కడి నుంచి సకలేశపురం వైపు వెళితే కావలసినంత కాఫీ. ఒడిశా జీపు ఎక్కడికైనా వెళ్ళగలదు, దానికి చక్రాలు ఉన్నాయి.

కంప్యూటరు కుర్రాడు:
ఇంత చర్చ ఎందుకండీ? ఫైలు మీద నొక్కి వివరాలు చూస్తే తేదీ, స్థలం అన్నీ వస్తాయి కదా. నేను పోయిన నెల మా స్నేహితుల ఊటీ ఫొటోలన్నిటినీ అలాగే పటం మీద పెట్టాను.

పాతనెగటివు:
అవి ఫిల్ము మీద తీసినవండీ. ఫైలులో ఉన్నది నేను స్కాను చేసిన తేదీ మాత్రమే.

గొలుసుకొలత:
సర్వే శాఖలో ఉద్యోగం చేసి విరమించినవాడిని కనుక కాస్త వివరంగా రాస్తాను. రైలుపిచ్చి గారు మూడు ఆధారాలు అన్నారు, కానీ అవి నిజంగా మూడు కావు. కాఫీ మన దేశంలో పండేదే ఎక్కువగా ఆ ఎత్తు కొండల మీద, కాబట్టి స్టేషను ఎత్తు 900 దాటిందని ఒప్పుకున్న తరువాత కాఫీ తోట కొత్తగా చెప్పేది చాలా తక్కువ. రెండూ ఎత్తు గురించే సాక్ష్యం చెబుతున్నాయి, దాన్ని రెండు సార్లు లెక్క వేయకూడదు. ఫొటోలు కలిపి చూసేవారు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే: ఆధారాల సంఖ్య పెరుగుతున్న కొద్దీ నమ్మకం పెరుగుతుంది, కానీ అవి ఒకే కారణం నుంచి పుట్టినవైతే ఆ పెరుగుదల ఉత్తదే.

అందుకే ముందు ఒక్కొక్క ఫొటోను మిగతావి లేనట్టుగా చూసి, అది ఎక్కడెక్కడ కావచ్చునో కాగితం మీద రాయండి. ఏడవది విడిగా చూస్తే 196 నుంచి 996 దాకా, ఎత్తు 96తో ముగిసే ఏ స్టేషనైనా కావచ్చు. పన్నెండవది కొడగు, చిక్కమగళూరు, వయనాడు, ఏర్కాడు, అరకు, కోరాపుట్ ఏదైనా కావచ్చు. పదిహేనవది ఒడిశా, దాని సరిహద్దు జిల్లాలు అనుకోవడం సమంజసం, కానీ నిశ్చయం కాదు. ఆ తరువాత వీటిని కలపండి.

కలిపే ముందు ఇంకొకటి తేల్చాలి: ఇది ఒకే ప్రయాణమేనా? నెగటివు అంచున ఉన్న నంబర్లు వరుసను చెబుతాయి గాని కాలాన్ని చెప్పవు. ఆ రోజుల్లో సగం వాడిన రీలు కెమెరాలో నెలల తరబడి ఉండిపోవడం మామూలు. ఏడు బెంగళూరు పెళ్ళిది, పన్నెండు దసరా సెలవులది కావడానికి అడ్డేమీ లేదు.

పాతనెగటివు:
ఏడులోనూ, పదిలోనూ, పన్నెండులోనూ మా చిన్నాన్న భుజం మీద అదే గళ్ళ తువ్వాలు, ఒంటి మీద అదే చొక్కా ఉన్నాయి. జీపు ఫొటోలో మనుషులు లేరు.

గొలుసుకొలత:
అయితే ఏడు నుంచి పన్నెండు దాకా ఒకటి రెండు రోజుల్లోనివని తీసుకోవచ్చు. పదిహేనుకు ఆ హామీ లేదు, దాన్ని పక్కన ఉంచుదాం. ఏడవ ఫ్రేములో పట్టాలు కనిపిస్తున్నాయా?

పాతనెగటివు:
ఒక మూల కొంచెం కనిపిస్తున్నాయి. పట్టాల పక్కనే ఒక గ్యాంగుమన్ నిలబడి ఉన్నాడు.

గొలుసుకొలత:
అతని పాదాల దగ్గర, అంటే కెమెరాకు అంతే దూరంలో, రెండు పట్టాల మధ్య దూరమెంతో చూడండి. బ్రాడ్ గేజీ అయితే 1,676 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక మనిషి ఎత్తు. మీటరు గేజీ అయితే అతని నడుము దాకా వస్తుంది. పట్టాలు ఏటవాలుగా కనిపిస్తుంటే, వాటిని అడ్డంగా కోసే స్లీపరు వెంబడి కొలవాలి, అక్కడ కూడా ఎడం ఉన్నదానికంటే కొంత తగ్గే కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

పాతనెగటివు:
కొలిచాను. అతని భుజాల ఎత్తుకు కొంచెం మించి వస్తోంది.

రైలుపిచ్చి:
అయితే సకలేశపురం పోయినట్టే. హాసన్–మంగళూరు మార్గం ఆ రోజుల్లో మీటరు గేజీ. దాన్ని మార్చడానికి 1996లో మూసివేశారు, మీ కెమెరా అంతకు ముందే పోయింది.

బెంగళూరు బాబాయి:
సకలేశపురం పోతే పోనివ్వండి, బెంగళూరు పోలేదు కదా. బెంగళూరు స్టేషనులో రైలు దిగి బస్సులో చిక్కమగళూరు వెళ్ళారు అనుకోండి. ఒక్క రోజు ప్రయాణం.

గొలుసుకొలత:
బాబాయి గారి అభ్యంతరం న్యాయమైనదే. దాన్ని తేల్చగలిగేవి తొమ్మిది, పది ఫ్రేములే, ఎందుకంటే అవి మాత్రమే ఎత్తు గురించి కాక స్థలం గురించి మాట్లాడతాయి. రెండింటిలోనూ అవే కొండలు ఉన్నాయా?

పాతనెగటివు:
ఉన్నాయి. దగ్గరగా మొండి కొండ ఒకటి, దూరంగా కోసుగా ఉన్న పెద్ద కొండ ఒకటి. రెండు ఫొటోల్లోనూ మొండిది కోసుకొండకు ఎడమవైపే ఉంది, పదవదానిలో కొంచెం ఎక్కువ దూరం జరిగింది.

నీలిసిరా:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మీరు పెట్టిన పదవ ఫ్రేములో, తలుపు దగ్గర నిలబడిన మీ చిన్నాన్నగారి చొక్కా జేబు కుడి రొమ్ము మీద ఉంది. మగవారి చొక్కాలకు జేబు ఎడమవైపు కుడతారు. ఏడవ ఫ్రేములో అదే చొక్కాకు జేబు ఎడమవైపే ఉంది. పన్నెండులో మీ అమ్మగారు కాబోలు, పైట కుడి భుజం మీద వేసుకున్నట్టు కనిపిస్తున్నారు. మీ నెగటివులను ల్యాబు వాళ్ళు నాలుగేసి ఫ్రేముల ముక్కలుగా కోసి ఉంటే, పది నుంచి పదమూడు దాకా ఉన్న ముక్క తిరగబడి స్కాను అయిందని నా అనుమానం.

పాతనెగటివు:
ఇప్పుడే నెగటివు తీసి చూశాను, అది పది నుంచి పదమూడు ముక్కే. అంచున ఉన్న నంబర్లు సరిగ్గా చదువుకునేలా పట్టుకుంటే జేబు ఎడమవైపుకు వస్తోంది. మొండి కొండ కోసుకొండకు కుడివైపుకు వస్తోంది.

గొలుసుకొలత:
ఇది విషయాన్ని పూర్తిగా మార్చేస్తుంది. తొమ్మిదిలో దగ్గరి కొండ ఎడమన, పదిలో కుడిన ఉందంటే, ఈ రెండు ఫొటోల మధ్య రైలు ఒక కచ్చితమైన గీతను దాటింది. పటం మీద ఆ రెండు శిఖరాలనూ కలుపుతూ గీత గీసి, దగ్గరి కొండ వైపుకు పొడిగిస్తే, అది పట్టాలను ఎక్కడ కోస్తుందో అక్కడే కెమెరా దాటింది. దీనికి లెన్సు ఏదో తెలియనక్కరలేదు, ప్రింటు అంచులు కత్తిరించినా నష్టం లేదు. కోణాలు కొలవబోతే అలా కుదరదు: 50 మిల్లీమీటర్ల లెన్సు ఫ్రేము వెడల్పంతా దాదాపు 40 డిగ్రీలు, మనం పదో వంతు పొరబడినా 10 కిలోమీటర్ల దూరంలో అది 700 మీటర్ల తేడా అవుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్న వరుసకు ఆ బాధ లేదు.

ఇంకొకటి కూడా తెలుస్తుంది. దగ్గరి వస్తువు దూరపు దానితో పోలిస్తే ఎడమ నుంచి కుడికి జరిగిందంటే, కొండలు రైలు వెళుతున్న దిశకు కుడిపక్కన ఉన్నాయి. తిరగబడిన స్కానును నమ్మి ఉంటే రైలు ఆ గీతను దాటనే లేదనుకుని, పటంలో వేరే చోట వెతుక్కుంటూ ఉండేవాళ్ళం.

ఇక రైలుపిచ్చి గారి మాట దగ్గరకు వస్తే, మార్గం ముందు పట్టుకోవడం తప్పు కాదు, అయితే అది పందెం కావాలి. శిమిలిగూడ అనుకుంటే, ఆ పక్క పట్టాలకు కుడివైపు ఇలాంటి రెండు శిఖరాల జంట ఉండి తీరాలి. అదే వెతుకులాటను బెంగళూరు చుట్టూ ఉన్న మార్గాల మీద కూడా అంతే శ్రద్ధగా చేయాలి. ఒక వైపే వెతికితే దొరకడం రుజువు కాదు.

రైలుపిచ్చి:
ఒప్పుకుంటున్నాను. కానీ ఒక చిక్కు ఉంది. ఆ ఘాటు మార్గం మెలికలు తిరుగుతుంది, ఒకే గీతను రెండు మూడు చోట్ల దాటవచ్చు. పైగా విశాఖ నుంచి వెళుతున్నారా, తిరిగి వస్తున్నారా? వెళుతుంటే కొండలు శిమిలిగూడకూ అరకుకూ మధ్య, లేదా అరకు దాటాక గోరాపూర్ వైపు ఉండాలి. వస్తుంటే శిమిలిగూడకూ బొర్రా గుహలుకూ మధ్య, అదీ రెండవ పక్కన ఉండాలి.

గొలుసుకొలత:
సరైన ప్రశ్న. పక్కన పెట్టిన జీపు ఇక్కడ కొంత పనికివస్తుంది. పదిహేను తరువాతి ఫొటో కనుక, వెళుతున్నారనుకుంటే కోరాపుట్ జీపు కనబడటం సహజం, వస్తున్నారనుకుంటే అంత సహజం కాదు. ఆ దారుల్లో ఒడిశా జీపులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి దీన్ని మొగ్గు అంటాను గాని తీర్పు అనను.

నీలిసిరా:
మరో మాట. మా అమ్మాయి ప్రయాణంలో ఉండగానే నాలుగైదు ఫొటోలు పెట్టింది. రాత్రికి ఎవరో తెలియని మనిషి తరువాతి ఊరు పేరు రాసి 'అక్కడికే కదా' అని అడిగాడు. ఒక్క ఫొటోలోనూ ఊరి పేరు లేదు. ఇలాంటి విద్యను ఇలా బహిరంగంగా నేర్పడం మంచిదేనా?

గొలుసుకొలత:
ఆయన చేసింది కూడా ఇదే, కాకపోతే ఫొటోలు పెట్టిన వేళలు కూడా చేతిలో ఉండటం వల్ల దిశ, వేగం సులువుగా దొరికి ఉంటాయి. ఇల్లు చేరాక, వరుస కలిపేసి పెడితే అందులో సగం పోతుంది. ముప్ఫై ఏళ్ళ నాటి సొంత ఇంటి ఫొటోల విషయంలో నాకు సంకోచం లేదు. అపరిచితుల ఫొటోలు ఎవరు అడిగినా నేను ముట్టుకోను.

నీలిసిరా:
మీరు ముట్టుకోరు, చదివినవాళ్ళందరూ అలా ఉండరు.

పాతనెగటివు:
జీపు పూర్తి నంబరు కనిపించకుండా చేశాను. తిరగబడిన ఆ ముక్కను సరిగ్గా తిప్పి, అంచు నంబర్లు కూడా కనిపించేలా మళ్ళీ స్కాను చేసి రేపు పెడతాను.

రైలుపిచ్చి:
వచ్చే నెల నేను ఆ రైలులో అరకు వెళుతున్నాను. కుడివైపు కిటికీ పట్టుకుని శిమిలిగూడ నుంచి కొండలన్నీ తీస్తాను.

బెంగళూరు బాబాయి:
తియ్యండి. తుమకూరు వైపు, దొడ్డబళ్ళాపురం వైపు నేను తీస్తాను. అంతదాకా ఆ అంకె ఎనిమిదే.