షుగర్‌కు కొత్త గోళీ మొదలుపెట్టాక బాపు లేవగానే తూలుతున్నాడు

రజిత, హన్మకొండ:
మా బాపుకు 67 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో గుమాస్తా. మిర్చి సీజన్‌లో పొద్దున్నే యార్డుకు పోతే మధ్యాహ్నం దాకా కాంటాల దగ్గరే నిలబడతాడు. ఇదివరకు షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఒక గోళీ వాడేవాడు. మూడు వారాల కింద డాక్టర్ గారు డపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాములు కలిపారు. షుగర్ బాగా దిగింది. కానీ వారం నుంచి మంచం మీది నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. మొన్న రాత్రి బాత్‌రూమ్‌కు పోతూ గోడ పట్టుకుని ఆగిపోయాడు. ఇది షుగర్ పడిపోవడమా, ఎండలా, ఈ గోళీయా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

ఎల్లయ్య, పరకాల:
అక్కా, ఈ గోళీ బీపీ కూడా తగ్గిస్తుంది. నాకు ఇది మొదలుపెట్టాక 140 ఉండే బీపీ 134కు వచ్చింది. నేనైతే బీపీ గోళీ మానేశాను. మీ బాపుతో కూడా మాన్పించండి, సరిపోతుంది.

మెడికల్ షాపు శ్రీనివాస్, నయీంనగర్:
ఎల్లయ్య గారూ, బీపీ తగ్గిస్తుందన్న మాట నిజం. కానీ పై బీపీ సగటున మూడు నుంచి ఐదు పాయింట్లు దిగుతుందంతే. బీపీ గోళీ చేసే పనిని ఇది చేయలేదు. చెప్పకుండా మానేస్తే రెండు మూడు వారాల్లో మీ బీపీ మళ్లీ పైకి పోవచ్చు. దయచేసి ఈ వారంలోనే ఒకసారి చూపించుకోండి.

రజిత గారూ, ఈ గోళీ ఏం చేస్తుందో చెప్తాను, మీకే అర్థమవుతుంది. కిడ్నీ వడపోసిన చక్కెరను, దానితో పాటు సోడియాన్ని మళ్లీ రక్తంలోకి లాక్కునే దారి ఒకటుంది. ఈ గోళీ దాన్ని చాలావరకు మూసేస్తుంది. కిడ్నీలు బాగున్నవాళ్లలో రోజుకు సుమారు 60, 70 గ్రాముల చక్కెర మూత్రంలో పోతుంది. చక్కెర, ఉప్పు పోయేటప్పుడు నీళ్లను కూడా లాక్కుపోతాయి. ఆ కాస్త బీపీ దిగడానికి ఇదొక ముఖ్య కారణం. మామూలుగా ఒకటి రెండు గ్లాసుల మూత్రం ఎక్కువ పోయినా ఏమీ కాదు. కానీ ఇంకో గోళీ కూడా నీళ్లను బయటికి తోస్తూ ఉంటే, పైన ఎండలో చెమట కూడా పోతుంటే, ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి.

మూడు సంగతులు చెప్పండి. బీపీ గోళీ స్ట్రిప్ మీద పేరు చివర హెచ్ అని గానీ సీటీ అని గానీ ఉందా? మోకాళ్ల నొప్పులకు గోళీలు మింగుతున్నారా? తూలినప్పుడు షుగర్ చూశారా?

స్వరూప, నర్సంపేట:
నాదీ ఇదే గోళీ. మొన్న యూరిన్ పరీక్షలో షుగర్ నాలుగు ప్లస్‌లు వచ్చింది. అంటే గోళీ పనిచేయడం లేదా?

శ్రీనివాస్, నయీంనగర్:
స్వరూప గారూ, ఈ గోళీ వాడినన్నాళ్లూ యూరిన్‌లో షుగర్ అలాగే కనిపిస్తుంది. అది గోళీ పనిచేస్తున్న గుర్తు. మీరు చూసుకోవాల్సింది రక్తంలో షుగర్.

రజిత, హన్మకొండ:
స్ట్రిప్ చూశాను. పేరు చివర సీటీ అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో టెల్మిసార్టాన్ 40, క్లోర్‌థాలిడోన్ 12.5 అని రాసి ఉంది. ఒకే గోళీలో రెండు మందులున్నాయని మాకు ఇన్నాళ్లూ తెలియదు. మోకాలి నొప్పికి రెండు రోజులు డైక్లోఫెనాక్ వేసుకున్నాడట. నిన్న తూలినప్పుడు షుగర్ చూస్తే 138.

శ్రీనివాస్, నయీంనగర్:
138 ఉందంటే నిన్న తూలింది షుగర్ పడిపోయి కాదు. ఆ క్లోర్‌థాలిడోన్ మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. దాని ప్రభావం ఒంట్లో రెండు మూడు రోజులు నిలుస్తుంది. టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ రెండూ ఉన్నప్పుడు నొప్పి గోళీ కూడా పడితే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. నొప్పి గోళీ ఈ రోజే ఆపండి.

రేపు పొద్దున బీపీ ఇలా చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడాలి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకు చూడాలి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ దిగితే అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. కూర్చోబెట్టి ఒక్కసారి చూస్తే ఇది దొరకదు. ఏ గోళీ తగ్గించాలన్నది డాక్టర్ గారే చెప్పాలి.

మహేశ్, జనగామ:
మా అమ్మకు గుండె బలహీనం. టార్సెమైడ్‌తో పాటు ఈ డపాగ్లిఫ్లోజిన్ గుండె కోసమే రాశారు, అమ్మకు షుగర్ లేదు. పక్కింటివాళ్లు ఎండలకు రోజుకు నాలుగు లీటర్లు తాగించమన్నారు. తాగిస్తే రెండు రోజుల్లో కాళ్లు వాచి ఆయాసం వచ్చింది. డాక్టర్ గారు రోజుకు లీటరున్నర దాటొద్దన్నారు. నీళ్లు ఎక్కువ తాగించండని అందరికీ చెప్పకండి.

శ్రీనివాస్, నయీంనగర్:
మహేశ్ గారు చెప్పింది ముఖ్యమైన సంగతి. గుండెకు వాడేవాళ్లలో మూత్రం గోళీ, ఈ గోళీ రెండూ కావాలనే కలిపి ఇస్తారు. వాళ్లు రోజూ పొద్దున బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. అంతే తొందరగా తగ్గి, నోరు ఎండి, తూలుతుంటే నీరు తక్కువైందని అర్థం. రెంటికీ ఫోన్ చేయాలి. మూత్రం గోళీని సొంతంగా ఆపొద్దు.

ఎల్లయ్య, పరకాల:
వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలి? షుగర్ ఉన్నవాళ్లు ఓఆర్‌ఎస్ తాగొద్దంటారు కదా.

శ్రీనివాస్, నయీంనగర్:
తాగొచ్చు. లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు, అంటే గ్లాసుకు మూడు గ్రాములు కూడా లేదు. రుచి కోసం అమ్మే తియ్యటి పెట్టె డ్రింకులు వేరు, ప్యాకెట్ చూసి కొనండి. అలాంటి రోజున, తిండి పోనప్పుడు కూడా, ఈ గోళీ ఆపి వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. మూత్రం గోళీ సంగతి కూడా అప్పుడే అడగాలి. తిండి మామూలుగా పోతున్నాక మళ్లీ మొదలుపెడతారు. ఇది నీళ్ల కోసం మాత్రమే కాదు. తిండి లేకుండా ఈ గోళీ వేసుకుంటే, షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్‌లో 180 చూసి ధైర్యంగా ఇంట్లో ఉండిపోవద్దు, ఆస్పత్రికి పోవాలి. ఆపరేషన్ ఉంటే కూడా ముందే చెప్పండి, మూడు రోజుల ముందు నుంచి ఆపిస్తారు.

రజిత, హన్మకొండ:
మొన్న చూపించాం. పడుకున్నప్పుడు 124/74, నిలబడ్డ నిమిషానికి 102/64, మూడు నిమిషాలకు 98/62. కాగితం మీద రాసుకుని పోతే డాక్టర్ గారు అదే ముందు చూశారు. బరువు మూడు వారాల్లో 71 నుంచి 68.5 అయింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 నుంచి 1.3 అయింది. ఈ గోళీతో మొదట్లో కొంచెం పెరగడం మామూలేనట, 30 శాతం దాటితే ఆలోచించాలట. డపాగ్లిఫ్లోజిన్ ఉంచారు. బీపీకి సీటీ లేని టెల్మిసార్టాన్ 40 ఒక్కటే రాశారు. మోకాలికి పారాసెటమాల్ రాశారు. రెండు వారాలకు మళ్లీ రక్త పరీక్ష ఉంది.

రజిత, హన్మకొండ (పన్నెండు రోజుల తర్వాత):
ఈ పొద్దున పడుకుని 130/76, నిలబడి 122/74. తూలడం లేదు. యార్డులో మూత్రానికి చోటు దూరమని నీళ్లు తాగకుండా ఉండేవాడట, ఇప్పుడు అడిగితే చెప్పాడు. రోజూ రెండు బాటిళ్లు కట్టి పంపిస్తున్నాం. సాయంత్రం ఖాళీవి తెచ్చి అమ్మకు చూపిస్తున్నాడు.

ఖాజా, కాజీపేట:
శ్రీనివాస్ భాయ్, మా నాన్నకు కూడా ఈ గోళీ, దానితో హెచ్ ఉన్న బీపీ గోళీ ఉన్నాయి. రంజాన్‌లో ఒక డాక్టర్ ఇఫ్తార్ తర్వాత వేసుకోమన్నారు, ఇంకొకరు నెలంతా ఆపేయమన్నారు. ఎవరి మాట వినాలి?

శ్రీనివాస్, నయీంనగర్:
ఖాజా భాయ్, ఇద్దరూ చెప్పేదాంట్లో అర్థం ఉంది. నాన్న వయసు, క్రియాటినిన్, నిలబడితే బీపీ ఎంత ఉంటుందో తెలియకుండా నేను చెప్పలేను. ఆ మూడూ పట్టుకుని రోజాలకు నెల ముందే వెళ్లండి.